ఉత్తుత్తి ప్రేమ ఎక్కడ నిజమవుతుంది? ‘ఫేక్ డేటింగ్’ కథల లోపలి లెక్క

విశాఖ మద్దిలపాలెంలో ఉండే నా స్నేహితురాలు ఫోన్లో చదువుకునే సీరియళ్ళు రాస్తుంది. వారానికి రెండు భాగాలు పెడుతుంది. ఈమధ్య మొదలుపెట్టిన కథలో సుధ అనే నర్సు, రవి అనే లేత్ షాపు కుర్రాడు ఇంట్లోవాళ్ళ పోరు పడలేక ‘మేమిద్దరం ప్రేమించుకుంటున్నాం’ అని అబద్ధం చెబుతారు. మొదటి నాలుగు భాగాలూ జనం ఎగబడి చదివారు. అయిదో భాగంలో ఇద్దరికీ నిజంగానే ఒకరంటే ఒకరికి ఇష్టమని తేలిపోయింది. ఆరో భాగం నుంచి చదివేవాళ్ళు పలచబడ్డారు.

“ప్రేమ కోసమే కదా వచ్చారు, తీరా ప్రేమ వచ్చాక ఎందుకు వెళ్ళిపోతున్నారే?” అని అడిగింది. ఆ ప్రశ్న పట్టుకుని ఇద్దరం రెండు ఆదివారాలు బీచ్ రోడ్డులో కూర్చున్నాం. ఆ కథని కుట్లు విప్పి మళ్ళీ కుట్టాం. అప్పుడు తెలిసిన సంగతులే ఇవి. ఉదాహరణలన్నీ ఆ కథలోవే, ఆమె అనుమతితో వాడుతున్నాను.

## ఏది ఫేక్ డేటింగ్, ఏది కాదు

ట్రోప్ అంటే కథకులు మళ్ళీ మళ్ళీ వాడుకునే అచ్చు. మేనరికం కథ ఒక అచ్చు, తప్పిపోయిన అన్నదమ్ముల కథ ఒక అచ్చు. ఫేక్ డేటింగ్ అచ్చులో ప్రేమ లేని ఇద్దరు, మూడో మనిషిని నమ్మించడానికి, ఇద్దరూ కూడబలుక్కుని ప్రేమ నటిస్తారు.

కూడబలుక్కోవడమే ఇందులో కీలకం. స్నేహితులతో పందెం కాసి ఒకడు అమ్మాయిని ప్రేమించినట్టు నటిస్తే అది ఈ అచ్చు కాదు. అక్కడ మోసపోయేది ఆ అమ్మాయే. ఇక్కడ ఇద్దరూ ఒకే గట్టున ఉంటారు, అవతలి గట్టున చుట్టాలుంటారు. అవసరం కోసం చేసుకున్న పెళ్ళి కూడా వేరే. పెళ్ళయ్యాక చట్టమో, ఊరో, ఒకే ఇల్లో ఇద్దర్నీ కట్టిపడేస్తుంది. ఉత్తుత్తి జోడీని ఏదీ కట్టెయ్యదు. ఎవరైనా ఏ పూటైనా ‘ఇంక చాలు’ అని వెళ్ళిపోవచ్చు. అందుకే ప్రతి భాగంలోనూ పాఠకుడికి ఒకే ప్రశ్న తొలుస్తూ ఉంటుంది: మరి ఇంకా ఎందుకు వెళ్ళలేదు?

ఇదేదో పరాయి సరుకని చాలామంది అనుకుంటారు గానీ, మనకి పాత చుట్టమే. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో దంపతులకే ఇస్తామన్న టీచరు ఉద్యోగాల కోసం పెళ్ళికాని ఇద్దరు భార్యాభర్తలుగా నటిస్తారు. ఆ కథకి మూలం బెంగాలీలో ఉంది. మారింది పేరు, కొంత వేషం.

## మన ఇళ్ళలో ఈ అబద్ధానికి ఆయుష్షు తక్కువ

ఇంగ్లీషు నవలల్లో ఈ నాటకం నెలల తరబడి సాఫీగా సాగుతుంది. చూసేవాళ్ళు ‘ఓహో’ అని ఊరుకుంటారు. మన ఇంట్లో ‘ఒకబ్బాయి ఉన్నాడు’ అన్న మాట నోరు దాటిందా, అరగంటలో ప్రశ్నలు మొదలవుతాయి. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం చేస్తాడు, వాళ్ళేమిట్లు. చివరి ప్రశ్నని తప్పించుకుని రాసిన కథని తెలుగు పాఠకులు నమ్మరు. ఒప్పుకోవడమో, గొడవపడటమో, ఏదో ఒకటి కాగితం మీద జరగాల్సిందే. ఆ గండం దాటితే జాతకాలు, ఆ తర్వాత ముహూర్తం. వారం తిరిగేసరికి ఉత్తుత్తి ప్రేమ శుభలేఖ దాకా వచ్చేస్తుంది. నటన నిజమైన ఇష్టంలోకి జారడానికి చోటు ఉండదు.

కాబట్టి తెలుగు కథలో మొదటి పని కాలాన్ని సంపాదించడం. అబద్ధం సరిగ్గా ఎన్నాళ్ళు బతకాలో ఒక గడువు కావాలి, ఆ గడువు పెద్దవాళ్ళే ఒప్పుకునేదై ఉండాలి. మేం పంచాంగాన్ని ఆశ్రయించాం. కథని చందనోత్సవం నాడు, అంటే వైశాఖ శుద్ధ తదియ నాడు, సింహాచలం దర్శనం లైన్లో మొదలుపెట్టాం. తెల్లవారుజామున లైన్లో నిలబడే సుధ పెద్దమ్మ, ఆదివారం పెళ్ళిచూపులని ప్రకటిస్తుంది. సుధ కంగారులో పక్క లైన్లో ఉన్న రవి వైపు చూసి ‘అతను’ అంటుంది. రెండు నెలల క్రితం రవి నాన్న ఆమె వార్డులో ఉన్నాడు. అంతే పరిచయం.

సుధ, రవి ఇద్దరూ ఇంటికి పెద్ద పిల్లలు. జ్యేష్ఠ సంతానానికి జ్యేష్ఠ మాసంలో పెళ్ళి చెయ్యకూడదని మన పెద్దల పట్టింపు. ఆ తర్వాత ఆషాఢం, పెళ్ళిళ్ళు ఉండవు. వైశాఖంలో మిగిలిన రోజులు మాటామంతీకే సరిపోతాయి. అంటే శ్రావణం వచ్చేదాకా ముహూర్తం అడిగే హక్కు పెద్దమ్మకి కూడా లేదు. అధిక మాసం పడని ఏడాదైతే ఇది పన్నెండు వారాల పైచిలుకు. వారానికి రెండు భాగాల చొప్పున 24 భాగాలకి సరిగ్గా సరిపోయింది. శ్రావణంలో తలుపు తెరుచుకుంటుందని అందరికీ తెలుసు కాబట్టి, ఏ భాగంలోనూ గడియారాన్ని గుర్తు చెయ్యక్కర్లేదు.

## పాఠకుడు దేనికి పట్టుబడతాడు

ఈ అచ్చు పనిచేసేది ప్రేమ వల్ల అని అనుకుంటాం. నా లెక్కలో అంతకంటే ముందు పనిచేసేది ఎవరికి ఎంత తెలుసు అనే తేడా. పెద్దమ్మకి తెలిసింది ఒకటి: వీళ్ళు ప్రేమికులు. జంటకి తెలిసింది ఇంకొకటి: కాదు. పాఠకుడికి తెలిసింది మూడోది: కాదు అని వాళ్ళు అనుకుంటున్నారు. ఈ మూడు మెట్లలో పై మెట్టు మీద కూర్చోబెట్టినంతసేపూ పాఠకుడు లేవడు. స్నేహితురాలి కథలో అయిదో భాగానికి జంట కూడా పై మెట్టుకి ఎక్కేసింది. ఇక పాఠకుడికి ఒంటరిగా తెలిసింది ఏమీ మిగల్లేదు. చదివేవాళ్ళు వెళ్ళిపోయింది అందుకే.

వంకాయ సంగతి చెబితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మళ్ళీ కుట్టిన కథ మూడో భాగంలో పెద్దమ్మ ‘అబ్బాయికి ఏ కూర ఇష్టం?’ అని అడుగుతుంది. తెలియని సుధ తడుముకోకుండా ‘గుత్తి వంకాయ’ అంటుంది. రవికి వంకాయ అంటే చిన్నప్పటినుంచీ పడదు. ఆ సంగతి పాఠకుడికి అదే భాగంలో రవి మనసులోంచి తెలుస్తుంది. ఆదివారం ఎంవీపీ కాలనీలో పెద్దమ్మ వాళ్ళింట్లో రవి రెండు కాయలు తిని, మూడోది వడ్డిస్తుంటే వద్దనడు. తర్వాత మరో మూడు ఆదివారాలు అదే కూర, అతను తింటూనే ఉంటాడు. అతనికి వంకాయ నిజంగానే ఇష్టం కాబోలు, గాల్లో వేసిన మాట భలే తగిలింది అనుకుంటుంది సుధ.

పదిహేనో భాగంలో గాజువాకలో రవి వాళ్ళమ్మ మాటల్లో మాటగా అంటుంది: “వీడు వంకాయ ముట్టడమ్మా. ముక్క కనిపిస్తే కంచం తోసేస్తాడు.” అక్కడ సుధ ఏమీ మాట్లాడదు. నాలుగు ఆదివారాలు లెక్క పెట్టుకుంటుంది. పాఠకుడు పన్నెండు భాగాలుగా దాచుకున్న సంగతి ఆమెకి ఇప్పుడు చేరింది. ‘నువ్వంటే ఇష్టం’ అని రవి చేత చెప్పిస్తే ఇంత బరువు ఉండేది కాదు.

రెండో కారణం అనుమతి. మన ఊళ్ళో చుట్టాల మధ్య ఇద్దరు చేయీ చేయీ పట్టుకోవాలంటే కారణం కావాలి. నాటకం ఆ కారణాన్ని ఇస్తుంది. ‘ఇది నా కోసం కాదు, పెద్దమ్మ చూస్తోంది కాబట్టి’ అని మనసుకి సర్దిచెప్పుకోవచ్చు. అలా సర్దిచెప్పుకునే మనిషిని చూడటం పాఠకుడికి చాలా దగ్గరి అనుభవం. మనలో చాలామంది మొదటిసారి ఇష్టపడ్డప్పుడు చేసింది అదే కదా.

## లాభం పెద్దదైతే జారుడు ఆగిపోతుంది

మొదటి చిత్తులో స్నేహితురాలు రవికి పెద్ద అవసరమే పెట్టింది. కొత్త మిషను కొనడానికి అయిదు లక్షలు కావాలి, సుధ తన పొదుపులోంచి ఇస్తానంటుంది, బదులుగా అతను నటించాలి. కారణం గట్టిగా ఉంటే కథ గట్టిగా ఉంటుందని ఆమె నమ్మకం. ఇక్కడ నేను ఒప్పుకోలేదు. నా వాదనకి ఆధారం ఒక పాత ప్రయోగం.

1959లో లియాన్ ఫెస్టింగర్, జేమ్స్ కార్ల్‌స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత గంటసేపు విసుగెత్తే పని చేయించారు. చీలలు తిప్పడంలాంటి పని. తర్వాత బయట వేచి ఉన్న మనిషికి ‘పని సరదాగా ఉంది’ అని అబద్ధం చెప్పమన్నారు. అందుకు కొందరికి ఒక డాలరు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చారు. చివర్లో పని నిజంగా ఎలా ఉందని అడిగితే, ఇరవై తీసుకున్నవాళ్ళకంటే ఒక డాలరు తీసుకున్నవాళ్ళే బాగుందన్నారు. ఇరవై డాలర్లవాడికి తన అబద్ధానికి కారణం జేబులోనే ఉంది. ఒక డాలరువాడికి ఆ కారణం చాల్లేదు. అందుకని మనసే మెల్లగా అబద్ధం వైపు జరిగింది.

ప్రయోగం కథకి రుజువు కాదు గానీ, కథకుడికి మంచి కొలబద్ద. అయిదు లక్షలు జేబులో ఉన్న రవి వంకాయ తింటే, డబ్బు కోసం తిన్నాడు. ఆ డబ్బు తీసేసి చూడండి: అమ్మ రోజూ ఫోన్లో ‘సంబంధం చూడమంటావా’ అనడం ఆగుతుంది, నాన్న జ్వరంలో ఉన్నప్పుడు ఈ అమ్మాయి రాత్రంతా వచ్చి చూసిపోయింది. ఇంతే అతని లాభం. నాలుగో వంకాయకి ఇది చాలదు. చాలదని పాఠకుడికి తెలుస్తుంది, రవికి తెలియదు. మొదటి అడుగు వెయ్యడానికి సరిపోయి, పదో అడుగుకి చాలనంత కారణం ఉండాలి. మిషను, అయిదు లక్షలు కథలోంచి పోయాయి.

## చూసేవాళ్ళు ఎక్కడున్నారు?

జారుడు ఎంతవరకూ వచ్చిందో కొలవడానికి ముద్దులూ, కౌగిళ్ళూ లెక్కపెట్టడం మామూలుగా చేసే పని. అది తప్పుడు తూకం. నేను వాడే ప్రశ్న ఒకటే: ఈ దృశ్యంలో చూసేవాళ్ళు ఎక్కడున్నారు?

మొదట నటన చూసేవాళ్ళు ఉన్నంతసేపే ఉంటుంది. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళగానే సుధ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. తర్వాత చూసేవాళ్ళు వెళ్ళిపోయాక కూడా నటన రెండు క్షణాలు మిగిలిపోతుంది. పెద్దమ్మ వెళ్ళింది, చెయ్యి ఇంకా అక్కడే ఉంది, ఇద్దరూ ఒకేసారి గమనించి సర్దుకుంటారు. ఆ తర్వాత చూసేవాళ్ళే లేని చోట నటన జరుగుతుంది. ఇక చివరి దశ చాలామంది రాయనిది: చూసేవాళ్ళు ఎదురుగా ఉన్నారు, కానీ నటించడం చేతకాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా కథలో మొదటి దశకి ఆరు భాగాలు, రెండోదానికి ఏడు, మూడోదానికి ఆరు, చివరిదానికి అయిదు వచ్చాయి. రెండో దశకి ఎక్కువ ఇవ్వడం కావాలనే. ‘మిగిలిపోయిన రెండు క్షణాలు’ ఉన్నది అక్కడే, పాఠకుడు మళ్ళీ మళ్ళీ కోరుకునేదీ అదే. స్నేహితురాలు మొదటిసారి ఈ దశని అసలు రాయనే లేదు. నాలుగో భాగంలో చుట్టాల ముందు నటన, అయిదో భాగంలో వర్షం, ఒకే గొడుగు, ఒప్పుకోలు. మధ్యలో వంతెన లేదు.

ఒప్పందంలో పెట్టుకున్న నియమాలు ఇక్కడ పనికొస్తాయి. సుధ, రవి నాలుగు నియమాలు రాసుకుంటారు: చెయ్యి పట్టుకోవడం చుట్టాల ముందే, ఒకరింటి సంగతి ఒకరు అడక్కూడదు, ఖర్చు సగం సగం, శ్రావణం రాగానే రవి వచ్చి ‘కుదరలేదు’ అని చెప్పాలి. నియమం రాయగానే అది తప్పుతుందని పాఠకుడికి తెలుసు. అతను చూసేది ఏ వరసలో తప్పుతుందా అని. తక్కువ ఖరీదున్నది ముందు తప్పాలి. ఎనిమిదో భాగంలో టీ డబ్బులు రవి ఇచ్చేస్తాడు, సుధ సగం ఇవ్వడం మర్చిపోతుంది. పన్నెండులో సుధ ‘నాన్నగారికి ఆయాసం తగ్గిందా?’ అని అడిగేస్తుంది. చెయ్యి నియమం పద్దెనిమిదిలో. చివరిది చివరిలోనే.

రాసినవాళ్ళు తమ దృశ్యాన్ని పరీక్షించుకోవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. దృశ్యంలోంచి చుట్టాలని తీసేసి చదవండి. మొదటి దశ దృశ్యమైతే అది కూలిపోవాలి. పదో భాగంలోపలే ఏమీ కూలకుండా అలాగే నిలబడిందంటే, మీ జంట మీకు తెలియకుండానే ప్రేమలో పడిపోయింది, మిగిలిన భాగాలు సాగదీతే.

## ముప్ఫై రెండు కిలోమీటర్ల రాత్రి

జారుడులో ప్రతి గుర్తుకీ ఒక సాకు తోడుండాలి. చెయ్యి చల్లబడితే ఏసీ సాకు, గొంతు తడబడితే జలుబు సాకు. సాకు గట్టిగా ఉన్నంతకాలం పాత్ర తనని తాను మోసం చేసుకోగలదు. భాగం భాగానికీ ఆ సాకు పలచబడుతూ పోవడమే నడక. 1974లో డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ కెనడాలో ఎత్తైన ఊగే వంతెన దాటిన మగవాళ్ళని పరిశీలించారు. భయంతో కొట్టుకునే గుండెని, ఎదురైన అమ్మాయి మీద ఆకర్షణగా కొందరు పొరబడ్డారని వాళ్ళ వాదన. మన కథకి అది తిరగేసి పనికొస్తుంది: ఆకర్షణతో కొట్టుకునే గుండెని పాత్ర అలసటగా పొరబడాలి.

అందుకు మాకు విశాఖలోనే దారి దొరికింది. ఆషాఢ పౌర్ణమికి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ. కొండ కింది మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజిపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. రాత్రంతా జనం నడుస్తూనే ఉంటారు, దారి పొడుగునా మజ్జిగ, పులిహోర ఇస్తూనే ఉంటారు. పెద్దమ్మ, సుధ, రవి నడుస్తారు. పెద్దమ్మకి మోకాలు నొప్పి. అయినా ఎందుకు నడుస్తోందో పదిహేడో భాగంలో చెబుతుంది: సుధకి ఈ సంబంధం కుదిరితే నడుస్తానని చందనోత్సవం నాడే మొక్కుకుంది.

అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం చేసి వస్తుంటే జనం తోపులాట. తప్పిపోకుండా సుధ రవి మణికట్టు పట్టుకుంటుంది. పెద్దమ్మ వెనకే ఉంది కాబట్టి నియమం చెక్కుచెదరలేదు. నర్సు చెయ్యి కాబట్టి వేళ్ళు వాటంతటవే బొటనవేలి వైపు నాడి దగ్గరికి వెళతాయి. గడియారం చూస్తూ పదిహేను సెకన్లు లెక్కపెడుతుంది. ఇరవై ఎనిమిది. నాలుగుతో గుణిస్తే నిమిషానికి 112. ఇంత దూరం నడిచిన మనిషికి అది మామూలే. సాకు గట్టిగా ఉంది.

వెంకోజిపాలెంలో అరుగు మీద కూర్చుంటారు. పెద్దమ్మ మజ్జిగ కోసం లైన్లోకి వెళుతుంది. పది నిమిషాలు గడుస్తాయి. సుధ చెయ్యి అతని మణికట్టు మీదే ఉంది, చూసేవాళ్ళెవరూ లేరు. నియమం తప్పింది. మళ్ళీ లెక్కపెడుతుంది. ఇరవై ఏడు. 108. కూర్చున్న మనిషికి నాడి అరవైకీ వందకీ మధ్య ఉండాలి, ఈపాటికి దిగిపోయి ఉండాలి. సాకు పోయింది.

అప్పుడు కిందకి చూస్తుంది. తను నాడి మీద పెట్టింది బొటనవేలు. బొటనవేలికి సొంత నాడి ఉంటుంది, అందుకే దానితో నాడి చూడకూడదని చదువుకునే రోజుల్లోనే నేర్పుతారు. ఇప్పుడు ఆ ఇరవై ఏడు ఎవరివి? ఆమెకి తెలియదు. పెద్దమ్మ మూడు గ్లాసులు పట్టుకుని వస్తోంది. భాగం అక్కడ ఆగుతుంది.

ఆ బొటనవేలు స్నేహితురాలి ఊహ. అది రాగానే పందొమ్మిది నుంచి ఇరవై నాలుగు దాకా కథ తనంతట తనే దొర్లింది.

## నటన చేతకాకుండా పోయినప్పుడు

మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు రకాలుగా చెబుతుంది. ఆంగికం అంటే ఒళ్ళు, వాచికం అంటే మాట, ఆహార్యం అంటే వేషం, సాత్త్వికం అంటే మనసు కదిలితేనే ఒంటి మీదికి వచ్చేవి. సాత్త్వికాలు ఎనిమిది: మ్రాన్పడటం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. ఉత్తుత్తి జోడీ మొదటి మూడింటినీ హాయిగా ఆడేస్తుంది. పక్కన నిలబడతారు, ‘మా రవి’ అంటారు, ఒకే రంగు బట్టలు వేసుకుంటారు. నాలుగోది వాళ్ళ చేతిలో లేదు. మనసు పెట్టకుండా అది రాదని శాస్త్రమే చెబుతోంది.

కాబట్టి జారుడు పూర్తయ్యేసరికి నటన మెరుగుపడుతుందనుకుంటే పొరపాటు, అది పాడవుతుంది. మొదట్లో ‘రవి లేకపోతే నాకు తోచదు’ అని పెద్దమ్మ ముందు గలగలా చెప్పిన సుధ, అదే మాట ఇరవయ్యో భాగంలో చెప్పబోయి ఆగిపోతుంది. ఇప్పుడది నిజం. నిజాన్ని అబద్ధంలా వాడటానికి నోరు రావడం లేదు. ఆ రోజు ఇద్దరూ దూరదూరంగా కూర్చుంటారు, రవి గిన్నెలోకి చూస్తూ తింటాడు. పెద్దమ్మకి మొట్టమొదటిసారి అనుమానం వస్తుంది: ‘ఏటే, దెబ్బలాడుకున్నారా?’ అబద్ధమాడినన్నాళ్ళూ నమ్మిన మనిషి, నిజమయ్యాక నమ్మడం మానేసింది. నాకు ఈ అచ్చులో అన్నిటికంటే ఇష్టమైన దశ ఇదే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే.

ఎవరు ముందు జారాలన్నది ఇంకా తెగని తగవు. ఇద్దరూ ఒకే జోరులో జారితే తీపి ఎక్కువని కొందరంటారు. ఒకరు ముందుంటే పాఠకుడికి ఆత్రం ఎక్కువని నేనంటాను, వంకాయ కథలో రవి ముందున్నాడు కాబట్టే ఆ దృశ్యం నిలబడింది. కానీ ముందున్నవాడి బాధని మరీ సాగదీస్తే రెండోవాళ్ళు రాతిగుండెలా కనిపిస్తారు. ఆ చిక్కు నిజమే.

## పెద్దవాళ్ళని మోసం చెయ్యడం కాదా?

ఈ అచ్చు నచ్చనివాళ్ళ అభ్యంతరం తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. ఇంగ్లీషు కథలో అబద్ధం ఎవరికీ పెద్దగా తగలదు. మన కథలో అది ఒక పెద్దావిడ మోకాళ్ళకి తగిలింది. ఆమె ఊళ్ళో చుట్టాలకి చెప్పుకుంది, మొక్కుకుంది, నడిచింది. వీళ్ళ సౌకర్యం కోసం ఆమె నమ్మకాన్ని వాడుకున్నారు. చివర్లో జంట ఒకటైతే ‘అంతా మంచికే’ అని ఈ అప్పుని మాఫీ చేసే కథలు చాలా ఉన్నాయి. అవి అన్యాయమనే నేనూ అంటాను.

ఈ అచ్చు నచ్చినవాళ్ళ మాటలోనూ బలముంది. పెళ్ళిచూపుల్లో గంటసేపు, పది మంది మధ్య, కాఫీ కప్పు మీదుగా చూసుకుంటే ఏం తెలుస్తుంది? ఉత్తుత్తి ఒప్పందంలో అమ్మాయికి ఒక మనిషిని మెప్పించక్కర్లేకుండా చూసే అవకాశం దొరుకుతుంది. అతను తన చుట్టాలతో ఎలా మాట్లాడతాడు, ఇష్టం లేని కూర పెడితే ఏం చేస్తాడు, అలిసిపోతే ఎవరి మీద విసుక్కుంటాడు. నియమాలు ముందే రాసుకున్నారు కాబట్టి చెయ్యి పట్టుకోవడానికి కూడా మాట అడిగే అలవాటు వస్తుంది. చాలా ప్రేమకథల్లో లేని మర్యాద అది.

రెండు మాటలూ ఒక కథలో ఇమడాలంటే అబద్ధానికి కథలోనే మూల్యం చెల్లించాలి, చెల్లించేది జంటే కావాలి. గుట్టు రట్టయ్యే తీరు దానిమీదే ఆధారపడుతుంది. మొదటి చిత్తులో సుధ చెల్లెలికి బీరువాలో ఒప్పంద పత్రం దొరుకుతుంది. ఇది వేగంగా ఉంటుంది, సీరియల్‌కి కావలసిన కుదుపు ఇస్తుంది. లోపం ఏమిటంటే, పట్టుబడ్డవాళ్ళు నిజం చెప్పినట్టు కాదు. ఇక ‘పెద్దమ్మకి ముందునుంచీ తెలుసు’ అనే మలుపు ఉంది. వెచ్చగా ఉంటుంది గానీ, అది మూల్యం ఎగ్గొట్టే దారి. ఆమెకి ముందే తెలిస్తే ఆ నడకకి అర్థం పోతుంది.

కొత్త చిత్తులో శ్రావణం రెండో రోజు రవి నాలుగో నియమం ప్రకారం ఎంవీపీ కాలనీకి వస్తాడు. ‘పెద్దమ్మగారూ, కుదర...’ అంటాడు. గొంతు పెగలదు. సాత్త్వికాలు ఎనిమిదింటిలో నాలుగోది. పెద్దమ్మ ఒంట్లో బాగాలేదేమోనని మంచినీళ్ళు తెస్తుంది. సుధ ఆ గ్లాసు అందుకుని పక్కన పెట్టి, చందనోత్సవం లైన్లో చెప్పిన మాట దగ్గర్నుంచి అంతా చెబుతుంది. ఇప్పుడు అబద్ధం కాదని కూడా చెబుతుంది. పెద్దమ్మ చాలాసేపు మోకాలు రాసుకుంటూ కూర్చుంటుంది. తిట్టదు. ఒకే ఒక్కటి అడుగుతుంది.

“మరైతే నా మొక్కు ఏటవ్వాలే?”

ఇరవై మూడో భాగం అక్కడ ఆగింది. ఇరవై నాలుగోది స్నేహితురాలు ఇప్పటికి మూడుసార్లు రాసి చింపేసింది. నిన్న ఫోన్ చేసి, పెళ్ళి దృశ్యం తీసేశానంది. వచ్చే ఆషాఢానికి జరిపి, తొలిపావంచా దగ్గర మొదలుపెట్టిందట. పెద్దమ్మ కారులో ఉంది, సుధ ఒక్కతే చెప్పులు విప్పుతోంది.